3.5 అని రాసుంది, కానీ దేంట్లో 3.5?

ఈ కాలమ్‌లో మామూలుగా ఫోన్లు, యాప్‌లు, ఆఫీసు గొడవలు రాస్తుంటాను. ఈ వారం మాత్రం నేను చేసిన ఒక తప్పు గురించి. సాఫ్ట్‌వేర్‌లో చేసిన తప్పైతే రోల్‌బ్యాక్ చేసి నిద్రపోయేవాణ్ణి. ఇది మా అక్క కూతురికి మందు పోసేటప్పుడు చేసిన తప్పు. మందుకి రోల్‌బ్యాక్ ఉండదు.

మాది విస్సన్నపేట. అక్క కాన్పుకి పుట్టింటికొచ్చి ఇంకా ఇక్కడే ఉంది. బావ బెంగళూరులో ఉద్యోగం, శనాదివారాలు వస్తూ పోతూ ఉంటాడు. నేను హైదరాబాద్ నుంచి నెలకోసారి వస్తాను. నేను వచ్చిన ఆ శనివారమే పాపకి 14 వారాల టీకాలు వేయించారు. 6, 10, 14 వారాలకి వేసే పెంటా టీకాల్లో ఇది మూడోది, ఆఖరిది. ఈ టీకా వేసిన రోజు జ్వరం రావడం మామూలే. అందుకే రెండు రోజుల ముందు చెకప్‌కి తిరువూరు తీసుకెళ్లినప్పుడు పిల్లల డాక్టరు గారు బరువు చూసి చీటీ మీద రాసిచ్చారు. బరువు 5.8 కేజీలు. పారాసిటమాల్ సిరప్ 3.5 ఎంఎల్, జ్వరం 100.4 దాటితేనే, ఆరు గంటలకోసారి, రోజుకి నాలుగు సార్లకి మించొద్దు.

వస్తే కొందాంలే అనుకున్నాం. రాత్రి తొమ్మిదికి వచ్చింది. థర్మామీటర్ 101.2 చూపించింది. పాప ఏడుస్తోంది, అక్కకి కంగారు. నేను బండేసుకుని మెడికల్ షాపుకెళ్లాను. మూసేసే టైమ్. చీటీ ఇంట్లోనే మర్చిపోయి వెళ్లా, కంపెనీ పేరు మాత్రం గుర్తుంది. అదే అడిగాను. కౌంటర్‌లో కుర్రాడు వెతికి, "సిరప్ అయిపోయిందన్నా, డ్రాప్స్ ఉన్నాయి. అదే కంపెనీ, అదే మందు. మూడు నెలల పాపేగా, చిన్నపిల్లలకి ఇదే పోస్తారు" అన్నాడు. అతను చెప్పిందాంట్లో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. తెచ్చేశాను.

ఇంటికొచ్చాక చీటీ చూశా. 3.5 ఎంఎల్ అని ఉంది. అట్టపెట్టెలో మందుతో పాటు ఒక డ్రాపర్ ఉంది, దాని మీద గీతలు 1 ఎంఎల్ దాకానే. మూడున్నర సార్లు ఎవరు పీలుస్తారని దాన్ని పక్కన పడేసి, ఇంట్లో ఉన్న 5 ఎంఎల్ సిరంజి సూది తీసేసి, కడిగి, 3.5 దాకా లాగాను. అక్క పాపని ఒళ్లో పెట్టుకుంది, నేను నెమ్మదిగా బుగ్గలోకి వదిలాను. పాప చక్కగా మింగేసింది. టైమ్ 9.15. ఏదో ఘనకార్యం చేసినట్టు ఫీలయ్యాను.

పావుగంట తర్వాత అమ్మ ఆ సీసా చేతిలో పట్టుకుని లైటు కింద చూస్తూ అడిగింది. "ఏరా, ఒక్కసారి పోస్తేనే ఇంత దిగిపోయింది, ఇది నాలుగు సార్లకే ఖాళీ అయ్యేట్టుందే? మీ చిన్నప్పుడు ఇంత సీసా కొంటే ఎన్నాళ్లో వచ్చేది."

సీసా మీద అంకె చూడని ఇంజినీరు తప్పు చేశాడు. సీసాలో మట్టం చూసిన అమ్మ దాన్ని పట్టుకుంది.

అప్పుడు లేబుల్ చదివాను. ఒక్కో ఎంఎల్‌లో పారాసిటమాల్ 100 ఎంజీ. డాక్టరు గారు రాసిన సిరప్‌లో 5 ఎంఎల్‌కి కలిపి 120 ఎంజీ, అంటే ఒక్కో ఎంఎల్‌లో 24 ఎంజీ. నేను పోసిన మందు దానికి నాలుగు రెట్లకి పైగా చిక్కన. పాపకి అందాల్సింది 84 ఎంజీ. నేను పోసింది 350 ఎంజీ.

చేతులు చల్లబడిపోయాయి.

డాక్టరు గారికి ఫోన్ చేశాను. ఆయన తిట్టలేదు, నాలుగు ప్రశ్నలు అడిగారు. పాప బరువెంత? సీసా మీద ఎంఎల్‌కి ఎన్ని ఎంజీలు అని ఉంది? ఎన్ని ఎంఎల్ పోశారు? ఎన్నింటికి పోశారు? తర్వాత ఇంకో ప్రశ్న. ఈ రోజు ఇంకెవరైనా, ఇంకేదైనా జ్వరం మందు గానీ జలుబు మందు గానీ వేశారా? లేదన్నాం. ఆయన అక్కడికక్కడే లెక్క కట్టారు. 350ని 5.8తో భాగిస్తే కేజీకి 60 ఎంజీ.

"రోజంతా కలిపి పోయగలిగిన గరిష్ఠం ఎంతో, అంతా ఒక్కసారే పోసేశారు. ఒక్కసారిగా కేజీకి 150 ఎంజీ దగ్గరికొస్తే లివర్ గురించి భయపడతాం. మీరు అంత దూరం వెళ్లలేదు. కానీ ఇప్పట్నుంచి 24 గంటలు పారాసిటమాల్ చుక్క కూడా వద్దు. వాంతి చేయించే ప్రయత్నం చెయ్యకండి. పాలు ఎప్పట్లాగే పట్టండి. వాంతులైనా, పాలు తాగకపోయినా, మరీ మగతగా ఉన్నా పొద్దున దాకా ఆగకుండా రాత్రే బయల్దేరండి. ఏమీ లేకపోయినా పొద్దున్నే తీసుకురండి" అన్నారు.

ఫోన్ పెట్టేసే ముందు ఆయన చెప్పిన మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది. "మీ అమ్మగారు చూడకపోతే ఆరు గంటలకోసారి అలాగే నాలుగు సార్లు పోసేవారు. అప్పుడు లెక్కెంతో చూసుకోండి."

చూసుకున్నాను. నాలుగు సార్లకి 1,400 ఎంజీ. కేజీకి 241. పసిపిల్లలకి ఒక రోజులో కేజీకి 200 ఎంజీ దాటితే వెంటనే ఆసుపత్రిలో చేర్చి రక్త పరీక్షలు చేస్తారు. మేం ఆ గీత దాటేసేవాళ్లం. అదీ ఎవరికీ తెలియకుండా, చీటీ మీద ఉన్నది ఉన్నట్టు పాటిస్తూ.

అంకె ఉంది, యూనిట్ లేదు

మన భాషలో చెప్పాలంటే ఇది యూనిట్ బగ్. 3.5 అన్న అంకె కరెక్టే, కానీ అది 120 సిరప్‌కి రాసిన అంకె. నేను దాన్ని తీసుకెళ్లి వేరే సీసాకి పాస్ చేశాను. ఎక్కడా ఎర్రర్ మెసేజ్ రాలేదు.

మన దగ్గర పారాసిటమాల్ పసిపిల్లలకి ముఖ్యంగా మూడు రకాల సీసాల్లో దొరుకుతుంది. ఒకటి డ్రాప్స్, అంటే చుక్కల మందు: చిన్న సీసా, ఎంఎల్‌కి 100 ఎంజీ. రెండోది 120 సిరప్ (కొన్ని కంపెనీలది 125): 5 ఎంఎల్‌కి 120, అంటే ఎంఎల్‌కి 24. మూడోది 250 సిరప్, కాస్త పెద్ద పిల్లలకి రాసేది: 5 ఎంఎల్‌కి 250, అంటే ఎంఎల్‌కి 50. చాలాసార్లు మూడింటి మీదా ఒకటే బ్రాండ్ పేరు ఉంటుంది. బొమ్మ, రంగు కూడా ఇంచుమించు ఒకేలా ఉంటాయి.

ఇక్కడే మన బుర్ర మోసపోతుంది. సీసా చిన్నది, పసిపిల్లలది, కాబట్టి లోపల మందు పల్చగా ఉంటుందనుకుంటాం. నిజం దానికి రివర్స్. పసిపిల్లలు ఎక్కువ మింగలేరు కాబట్టి కొద్ది చుక్కల్లోనే సరిపడా మందు పట్టేలా డ్రాప్స్‌ని చిక్కగా చేస్తారు. మూడింటిలో అన్నిటికంటే చిక్కటిది అన్నిటికంటే చిన్న సీసాలోదే.

అందుకే ఎంఎల్‌ని గుర్తుపెట్టుకుంటే లాభం లేదు. గుర్తుపెట్టుకోవాల్సింది ఎంజీ. పిల్లలకి పారాసిటమాల్ ఒక్కసారికి కేజీ బరువుకి 10 నుంచి 15 ఎంజీ. రెండు డోసుల మధ్య కనీసం నాలుగు గంటలు, వీలైతే ఆరు. రోజుకి నాలుగు సార్లకి మించకూడదు. మొత్తం కేజీకి 60 ఎంజీ దాటకూడదు. మా పాప లెక్కే చూద్దాం. 5.8 కేజీలని 15తో గుణిస్తే 87 ఎంజీ. ఇది ఒక్కసారికి పై హద్దు. ఈ 87ని సీసా మీదున్న "ఎంఎల్‌కి ఎంత" అన్న అంకెతో భాగించాలి.

120 సిరప్ అయితే 87ని 24తో భాగిస్తే 3.6, కాస్త తగ్గించి డాక్టరు గారు 3.5 రాశారు. 250 సిరప్ అయితే 87ని 50తో భాగిస్తే 1.7. డ్రాప్స్ అయితే 87ని 100తో భాగిస్తే 0.87, కిందికి దించితే 0.8. ఒకటే పాప, ఒకటే జ్వరం, ఒకటే మందు. కానీ సీసాని బట్టి 3.5 కావొచ్చు, 1.7 కావొచ్చు, 0.8 కావొచ్చు. లెక్కలో పాయింట్ తర్వాత అంకె ఎటూ తేలకపోతే ఎప్పుడూ కిందికే దించాలి.

బరువు కూడా నిజమైన బరువే కావాలి. "మూడు నెలలు కదా, ఆరు కేజీలుంటుందిలే" అనుకోకూడదు. టీకా వేసే రోజు తూకం వేసి కార్డులో రాస్తారు, అది చూడండి. వయసుని బట్టి పోస్తే, నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకీ సన్నగా ఉన్నవాళ్లకీ ఎక్కువైపోతుంది.

ఇంకో విషయం. మూడు నెలల లోపు పిల్లలకి జ్వరం వస్తే ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఆ వయసులో 100.4 జ్వరం అంటే లోపల పెద్ద ఇన్‌ఫెక్షన్ ఉండొచ్చు. ఇంట్లో మందు పోసి జ్వరం దించేస్తే అది దాక్కుంటుంది. 6, 10 వారాల టీకాల రోజున కూడా, వేసినవాళ్లు ఎంత పోయాలో చెప్తేనే పోయాలి.

సిరంజి గీతలు

సూది లేని సిరంజితో మందు పోయడం మంచి పద్ధతే. ఇంట్లో చెంచాలు ఒక్కోటి ఒక్కో సైజు. ఉగ్గుగిన్నెలో పోస్తే సగం గిన్నెకే అంటుకుంటుంది, మిగిలింది ఎంతో తెలియదు. కానీ సిరంజి గీతలు చదవడం కూడా నేర్చుకోవాల్సిన పనేనని నాకు ఆ రోజు దాకా తెలియదు.

చూడాల్సింది రెండు అంకెల మధ్య ఎన్ని ఖాళీలున్నాయని. మామూలు 5 ఎంఎల్ సిరంజిలో 1కి 2కి మధ్య ఐదు ఖాళీలుంటాయి, అంటే ఒక్కో చిన్న గీత 0.2. 2 ఎంఎల్ సిరంజిలో పది ఖాళీలుంటాయి, ఒక్కో గీత 0.1. "చిన్న గీత అంటే పాయింట్ ఒకటి" అని గుడ్డిగా అనుకుని 5 ఎంఎల్ సిరంజిలో 0.8 కోసం ఎనిమిది గీతలు లెక్కపెడితే 1.6 వస్తుంది, సరిగ్గా డబుల్. ఇంకో తమాషా ఏంటంటే, నేను ఆ రాత్రి 5 ఎంఎల్ సిరంజిలో లాగిన 3.5కి అసలు గీతే లేదు. 3.4 ఉంటుంది, 3.6 ఉంటుంది. మధ్యలో అందాజుగా ఆపాను.

అందుకే డ్రాప్స్‌కి 1 ఎంఎల్ గానీ 2 ఎంఎల్ గానీ సిరంజి వాడాలి, లేదా ఆ పెట్టెలో వచ్చిన డ్రాపరే వాడాలి. కొలిచే పరికరం ఎంత చిన్నదైతే తప్పు అంత చిన్నది. ఇన్సులిన్ సిరంజి మాత్రం వద్దే వద్దు. దాని మీద ఉండేవి ఎంఎల్ కాదు, ఇన్సులిన్ యూనిట్లు. ఒక రకంలో 40 యూనిట్లంటే ఒక ఎంఎల్, ఇంకో రకంలో 100 యూనిట్లంటే ఒక ఎంఎల్.

ఇక గీత దగ్గర ఏం చూడాలి? లోపల తోసే నల్ల రబ్బరు ఉంటుంది కదా, దాని ముందు కొన కొన్నిట్లో కోసుగా ఉంటుంది. చూడాల్సింది ఆ కోసు కాదు. రబ్బరు గొట్టం గోడకి గుండ్రంగా ఆనుకున్న మొదటి అంచు, మందు వైపున్నది. ఆ అంచు గీత మీద ఉండాలి. సిరంజిని కంటికి ఎదురుగా, నిలువుగా పట్టుకుని చూడాలి. లోపల గాలి బుడగ ఉంటే కొనని పైకి పెట్టి వేలితో తట్టి, గాలిని బయటికి తోసి, మళ్లీ గీత చూడాలి. గాలి ఉన్నంత మేరా మందు తక్కువ వెళ్తుంది. అంతకంటే ముందు సీసాని బాగా కుదపాలి. చాలా సిరప్‌లలో మందు అడుగుకి దిగుతుంది. కుదపకపోతే మొదటి రోజు పల్చటిది, చివరి రోజు చిక్కటిది వెళ్తుంది.

కొన్ని సిరంజిల కొనకి చిన్న మూత ఉంటుంది. అది ముందే తీసి దూరంగా పారేయండి, మర్చిపోతే పిల్ల గొంతులోకి పోతుంది. మందుని నాలుక మధ్యలోకి జిమ్మకుండా, పాపని కాస్త ఎత్తుగా కూర్చోబెట్టుకుని, బుగ్గ లోపలి వైపుకి కొద్దికొద్దిగా వదలాలి.

ఆ రోజు నన్ను హెచ్చరించిన వస్తువు ఒకటి ఉందని తర్వాత అర్థమైంది. అది నేను పక్కన పడేసిన డ్రాపర్. దాని మీద గీతలు 1 ఎంఎల్ దాకానే ఎందుకున్నాయి? ఎందుకంటే ఆ మందు పసిపిల్లలకి ఒక్కసారికి అంతకంటే పెద్దగా అవసరం పడదు. పెట్టెలో వచ్చిన కొలతతో మూడు నాలుగు సార్లు పీల్చాల్సి వస్తోందంటే ఆగిపోవాలి. ఎక్కడో సీసా మారింది, లేదా పాయింట్ పోయింది. 0.8 అని రాసింది 8లా కనిపించడం పెద్ద విషయం కాదు, మడతపెట్టిన చీటీలో పాయింట్ ఇట్టే మాయమవుతుంది.

ఇది మా ఇంటి గొడవే కాదు

అమెరికాలో కూడా ఒకప్పుడు ఇదే తంతు. అక్కడా పసిపిల్లల డ్రాప్స్ చిక్కగా, 0.8 ఎంఎల్‌కి 80 ఎంజీ, అంటే మన డ్రాప్స్ లాగే ఎంఎల్‌కి 100 ఉండేవి. పెద్దపిల్లల సిరప్ 5 ఎంఎల్‌కి 160. రెండూ కలగాపులగమై పిల్లలకి డోసు ఎక్కువవుతోందని 2011లో అక్కడి కంపెనీలు డ్రాప్స్‌ని కూడా 5 ఎంఎల్‌కి 160కే మార్చడం మొదలుపెట్టాయి. పాత సీసాలు ఇంకా ఇళ్లల్లో ఉంటాయి, లేబుల్ చూసుకోండని ఆ డిసెంబర్‌లో అక్కడి ఎఫ్‌డీఏ హెచ్చరిక ఇచ్చింది. మన దగ్గర చిక్కటి డ్రాప్స్ ఇప్పటికీ ఉన్నాయి.

మన ఊళ్ల నుంచి కూతురి పురుడుకి డల్లాస్‌కో న్యూజెర్సీకో వెళ్లే అమ్మానాన్నలు పచ్చళ్లతో పాటు మందుల సంచి కూడా పట్టుకెళ్తారు కదా. అక్కడి డాక్టరు అక్కడి సిరప్‌కి లెక్కేసి 2.5 ఎంఎల్ అంటే 80 ఎంజీ. అదే 2.5 మన డ్రాప్స్‌తో పోస్తే 250 ఎంజీ, మూడు రెట్లు. అటు నుంచి ఇటు తెచ్చుకున్నా అంతే, రివర్స్‌లో. అప్పుడు డోసు చాలక జ్వరం దిగదు, ఇంకోసారి పోసేస్తారు.

మందు పేరే మారిపోతే ఏమవుతుందో హైదరాబాద్ చూసింది. 2019 మార్చిలో నాంపల్లిలో టీకాలు వేయించుకున్న పసిపిల్లలకి జ్వరం వస్తే వేయమని పారాసిటమాల్ బదులు ట్రమడాల్ మాత్రలు ఇచ్చేశారు. అది పెద్దవాళ్ల నొప్పుల మందు. పిల్లలు మగతలోకి వెళ్లిపోయి నీలోఫర్ ఆసుపత్రిలో చేరారు, పసిప్రాణం పోయింది. తెల్ల మాత్ర, టీకా రోజు, అలవాటైన పని. ఎవరూ షీటు మీద పేరు చదవలేదు.

మాత్ర మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. పెద్దవాళ్ల 500 మాత్రని నాలుగు ముక్కలు చేసి పావు ముక్క అరగదీసి పోయడం మన ఇళ్లల్లో పాత అలవాటు. పావు ముక్కంటే 125 ఎంజీ. మా పాపలాంటి పిల్లకి అది కేజీకి 21, హద్దు దాటినట్టే. అదీ ముక్కలు సమానంగా విరిగితే. 650 మాత్రలో పావు అయితే 162, కేజీకి 28.

కనపడని ప్రమాదం

పారాసిటమాల్ ఎక్కువైతే పిల్ల వెంటనే ఏదో అయిపోతుందని మనం అనుకుంటాం. అసలు భయం అలా అవ్వకపోవడమే. మొదటి రోజు కాస్త వాంతి ఉండొచ్చు, ఏమీ లేకపోవచ్చు. జ్వరం దిగిపోయి పాప హాయిగా నిద్రపోతుంటే మందు బాగా పనిచేసిందనుకుంటాం. లోపల జరిగేది వేరు. ఈ మందులో కొంత భాగం లివర్‌లో విషంగా మారుతుంది. మామూలు డోసులో లివర్ దగ్గరున్న ఒక రక్షణ పదార్థం దాన్ని అప్పటికప్పుడు కడిగేస్తుంది. డోసు మరీ ఎక్కువైతే, లేదా రోజుల తరబడి కొంచెం కొంచెం ఎక్కువైతే, ఆ నిల్వ అయిపోతుంది. అప్పుడు విషం లివర్ కణాల మీద పడుతుంది. అది బయటికి కనపడటానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది.

దీనికి విరుగుడు ఉంది, ఎన్-అసిటైల్‌సిస్టీన్. కానీ మొదటి 8 గంటల్లో మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. అంటే విరుగుడు పనిచేసే టైమ్‌లో పిల్ల బాగానే కనిపిస్తుంది. పిల్ల బాగోలేదని తెలిసేసరికి ఆ టైమ్ దాటిపోతుంది. కాబట్టి "బాగానే ఉందిగా, చూద్దాం" అన్నది ఈ ఒక్క మందు విషయంలో పనికిరాదు. పొరపాటు తెలిసిన నిమిషంలోనే ఫోన్ చెయ్యాలి: మీ డాక్టరుకి, దొరక్కపోతే 108కి. ఢిల్లీ ఎయిమ్స్‌లో 24 గంటలూ పనిచేసే విష సమాచార కేంద్రం టోల్ ఫ్రీ నంబర్ 1800 116 117. సీసా చేతిలో పట్టుకుని చెయ్యండి. మా డాక్టరు గారు అడిగిన ఆ నాలుగు ప్రశ్నలే వాళ్లూ అడుగుతారు. మా కేజీకి 60 గండం గడిచింది కదా అని మీ లెక్క మీరే తేల్చుకోకండి. పిల్లకి కామెర్లుండి ఉండొచ్చు, మూడు రోజులుగా మందు నడుస్తూ ఉండొచ్చు, అప్పుడు హద్దులు మారిపోతాయి.

ఆయన అడిగిన ఐదో ప్రశ్న కూడా ఊరికే కాదు. జలుబు డ్రాప్స్ చాలావాటిలో పారాసిటమాల్ కలిపే ఉంటుంది. జ్వరానికని ఇచ్చే రెండు మందుల మిశ్రమాల్లోనూ ఉంటుంది. పేరు వేరు కాబట్టి రెండూ పోసేస్తాం. పైగా క్లోర్‌ఫెనిరమిన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిసిన జలుబు మందులు నాలుగేళ్ల లోపు పిల్లలకి వాడొద్దని లేబుల్ మీద రాయాలని 2023 డిసెంబర్‌లో మన దేశంలోనే ఆదేశాలు వచ్చాయి. సీసా వెనక చిన్న అక్షరాలని ఫోన్‌తో ఫోటో తీసి జూమ్ చేసి చూడండి, పారాసిటమాల్ అన్న మాట రెండు సీసాల మీద ఉంటే ఒకటి పక్కన పెట్టాలి.

ఆ రాత్రి మా ఇంట్లో ఎవరం నిద్రపోలేదు. పాప మాత్రం పడుకుంది. గంటకోసారి లేపి చూశాం, లేచి విసుక్కుంది. ఆ విసుగు చూస్తే ప్రాణం లేచొచ్చేది. ఒళ్లు వేడెక్కినప్పుడల్లా ఒంటి మీద బట్టలు తగ్గించి, అక్క పాలు పట్టింది. తెల్లారి తిరువూరు వెళ్లాం. డాక్టరు గారు చూసి, పర్లేదన్నారు. అక్క అప్పుడు ఏడ్చింది.

డ్రాప్స్ సీసా పారేయలేదు. దాని మీద తెల్ల ప్లాస్టర్ అంటించి స్కెచ్‌తో పెద్దగా రాశాం: "డ్రాప్స్, ఎంఎల్‌కి 100. పాప 5.8 కేజీలు. 0.8." దాంతో పాటు 1 ఎంఎల్ సిరంజి ఒకటి రబ్బర్ బ్యాండ్‌తో కట్టేసి ఉంటుంది. ఇంట్లో ఇంకో పారాసిటమాల్ సీసా ఉంచకూడదని అమ్మ రూలు పెట్టింది. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్‌లో మందు పోసేవాళ్లు పోయకముందే టైమ్, ఎంఎల్ పెట్టాలి. అక్క పోసిందని తెలియక అమ్మ ఇంకోసారి పోసేయకుండా.

పోయిన వారం ఇంటికెళ్తే పాప 6.9 కేజీలైంది. ప్లాస్టర్ మీద పాత అంకె కొట్టేసి కొత్తది రాస్తున్నాను. 6.9ని 15తో గుణిస్తే 103, డ్రాప్స్‌లో 1.0. రాసి అమ్మకి చూపించాను. అమ్మ కళ్లజోడు పెట్టుకుని ప్లాస్టర్ చదివింది, సీసా తిప్పి లేబుల్ చదివింది, సిరంజి గీతలు చూసింది. తర్వాత నా వైపు చూసి, "టీకా కార్డేదిరా?" అంది. బరువు కూడా సరిచూడాలట.